సపోర్ట్ దగ్గర పిన్ బార్, ఇన్‌సైడ్ బార్: చిన్న స్టాప్‌లాస్‌తో ఎంట్రీ ఎలా తీసుకోవాలి

"పిన్ బార్ కనబడగానే కొన్నాను, మర్నాడే స్టాప్ కొట్టేసింది. ఎందుకు?" ఈ ప్రశ్న నన్ను తరచూ అడుగుతుంటారు. దాని వెనకాలే ఇంకొకటి వస్తుంది: "స్టాప్ ఎంత దగ్గర పెట్టుకోవచ్చు?" రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి మొదటి నుంచి చివరిదాకా ఒకేచోట రాస్తున్నాను. ఇక్కడ పిన్ బార్ అంటే చిన్న శరీరం, కిందికి పొడుగు తోక ఉన్న క్యాండిల్.

ఇందులో చెప్పేదంతా ఎన్‌ఎస్‌ఈలో బాగా చేతులు మారే పెద్ద షేర్లను, రోజువారీ చార్టు చూసి డెలివరీలో కొనడం గురించే. ఐదు నిమిషాల చార్టుకూ ఆప్షన్లకూ ఇది సరిపోదు. నేను సెబీ నమోదిత సలహాదారుని కాను. కింద లెక్క కోసం వాడిన షేరుకు పేరు లేదు, అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- కనీసం ఏడాది రోజువారీ చార్టు. బోనస్, స్ప్లిట్ సర్దుబాటు అయి ఉండాలి. లేకపోతే పాత సపోర్ట్ ధరలు తప్పుగా కనిపిస్తాయి.
- చార్టు మీద 14 రోజుల ఏటీఆర్. ఆ షేరు రోజుకు సగటున ఎన్ని రూపాయలు ఊగుతుందో చెప్పే అంకె ఇది. ఇంకే ఇండికేటరూ అక్కర్లేదు.
- ఆ కంపెనీ త్రైమాసిక ఫలితాల తేదీ.
- మీ ట్రేడింగ్ డబ్బు ఎంత, ఒక్క ట్రేడులో ఎంత పోతే తట్టుకోగలరు అనే రెండు అంకెలు, కాగితం మీద.
- డీమ్యాట్ ఖాతాకు డీడీపీఐ ఇచ్చి ఉండటం. అమ్మిన షేర్లను ఖాతాలోంచి తీసుకోవడానికి బ్రోకరుకు ముందే ఇచ్చే అనుమతి ఇది. దీని అవసరం ఆరో మెట్టులో తెలుస్తుంది.

1. క్యాండిల్ కంటే ముందు సపోర్ట్ గీయండి

ఈ వరస తారుమారైతే మిగతా మెట్లన్నీ వృథా. పొడుగు తోక ఉన్న క్యాండిల్‌ను ముందు చూసి, ఆ తర్వాత "ఇక్కడ సపోర్ట్ ఉందా" అని వెతికితే ఏదో ఒకటి తప్పకుండా దొరుకుతుంది. కన్ను కావాలనుకున్నదాన్నే చూస్తుంది. అందుకే ఆదివారం కూర్చుని సపోర్టులు గీసి, అలర్టులు పెట్టుకుని వదిలేయండి. అలర్టు మోగినప్పుడే చార్టు తెరవండి.

సపోర్ట్ గీత కాదు, పట్టీ. మన షేరు మూడు నెలల కిందట 822 దాకా దిగి 905కు లేచింది. తర్వాత 826 దాకా దిగి 890కు లేచింది. కాబట్టి 820 నుంచి 830 వరకు పట్టీ గీస్తాం. పట్టీ వెడల్పు ఆ షేరు ఏటీఆర్‌ను మించకూడదు. ఇక్కడ ఏటీఆర్ 16 రూపాయలు, పట్టీ 10 రూపాయలు కాబట్టి సరిపోయింది. అలర్టు 835 దగ్గర పెట్టుకుందాం.

జాగ్రత్త: ఒకే పట్టీని కొద్ది వారాల్లోనే నాలుగోసారీ ఐదోసారీ తాకుతూ, తాకిన ప్రతిసారీ తక్కువ ఎత్తుకే లేస్తుంటే ఆ షేరును వదిలేయండి. అక్కడ కొనాలని కూర్చున్నవాళ్ల ఆర్డర్లు ఒక్కో తాకిడికీ ఖర్చైపోతున్నాయన్నమాట. చాలామంది "నాలుగుసార్లు ఆగింది, గట్టి సపోర్ట్" అనుకుంటారు. నా అనుభవంలో రెండోసారి, మూడోసారి తాకినప్పుడే మేలు.

కింద సపోర్టే లేనిచోట పెద్ద తోక కనిపిస్తే ఏమవుతుందో చూడాలంటే 2020 మార్చి 13 నాటి నిఫ్టీ చార్టు తెరవండి. ఆ ఉదయం లోయర్ సర్క్యూట్ తగిలి ట్రేడింగ్ ఆగింది. సూచీ 8,555 దాకా పడి, అక్కడి నుంచి లేచి 9,955 దగ్గర ముగిసింది. అడుగు దొరికిందని అప్పుడు చాలామంది సంబరపడ్డారు. కొలిచి చూస్తే అది పిన్ బార్ కూడా కాదు, దాని శరీరమే తోక కంటే పొడవు. పైగా పాత సపోర్టులన్నీ అంతకుముందే విరిగిపోయాయి. స్టాప్ ఆ కనిష్ఠం కింద పెడితే 14 శాతం దూరం. తర్వాతి ట్రేడింగ్ రోజు, 16న, నిఫ్టీ 9,197 దగ్గర ముగిసింది. 24న 7,511 దాకా దిగింది.

2. పిన్ బార్‌ను కంటితో కాదు, కొలతతో ఒప్పుకోండి

మంగళవారం అలర్టు మోగింది. రోజు ముగిశాక క్యాండిల్ ఇలా ఉంది: ఓపెన్ 838, హై 841, లో 819, క్లోజ్ 837.

నాలుగు విషయాలు చూడాలి. మొదటిది తోక. ఓపెన్, క్లోజ్ రెండింటిలో తక్కువదాని నుంచి లోను తీసేయండి. 837 లోంచి 819 పోతే 18. మొత్తం క్యాండిల్ 22. తోక మూడింట రెండొంతులు, అంటే దాదాపు 15, ఉంటే చాలు. ఇక్కడ 18 ఉంది. రెండోది, క్లోజ్ క్యాండిల్‌లో పై మూడో వంతులో ఉండాలి, ఉంది. మూడోది, తోక పట్టీలోకి దిగి, క్లోజ్ మాత్రం పట్టీకి పైన ఉండాలి. 819 దాకా దిగి 837 దగ్గర ముగిసింది, సరే. నాలుగోది, క్యాండిల్ మొత్తం పొడవు ఏటీఆర్ కంటే తక్కువ ఉండకూడదు. 16కు 22 ఉంది. మార్కెట్ నిద్రపోయిన రోజున నాలుగు రూపాయల క్యాండిల్‌కు మూడు రూపాయల తోక వస్తే దానికి అర్థం లేదు.

రంగు పట్టించుకోవద్దు. మన క్యాండిల్ ఎర్రదే, రూపాయి కింద ముగిసింది. అయినా పనికొస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది రోజు ముగియక ముందే తొందరపడటం వల్ల. మొదట్లో నేనూ అదే చేశాను. ఒకరోజు పొద్దున పదిన్నరకు అందమైన పిన్ బార్ కనిపించింది. సాయంత్రానికి ఇంకా ధర పెరిగిపోతుందని అప్పుడే కొనేశాను. మధ్యాహ్నం రెండు దాటాక అమ్మకాలు మొదలయ్యాయి. మూడున్నరకు చూస్తే తోక లేదు, పై నుంచి కింది దాకా నిండు ఎర్ర క్యాండిల్. పొద్దున నేను చూసింది పిన్ బార్ కాదు, సగం గీసిన క్యాండిల్. ఇంకో చిన్న మాట: మూడున్నరకు తెరమీద కనిపించే చివరి ధర, ఎక్స్ఛేంజీ ప్రకటించే ముగింపు ధర ఒకటే కానక్కర్లేదు. అందుకే కొలతలు సాయంత్రం చార్టు స్థిరపడ్డాకే తీసుకోండి.

3. మర్నాడు ఇన్‌సైడ్ బార్ కోసం ఆగండి

చిన్న స్టాప్ ఇక్కడి నుంచే వస్తుంది. బుధవారం క్యాండిల్: ఓపెన్ 836, హై 839, లో 831, క్లోజ్ 835. హై నిన్నటి 841 లోపే ఉంది, లో నిన్నటి 819 పైనే ఉంది. అంటే బుధవారమంతా మంగళవారం కడుపులో ఇమిడిపోయింది. ఇదే ఇన్‌సైడ్ బార్. మంగళవారపు క్యాండిల్‌ను దీనికి మదర్ బార్ అంటారు.

ఇన్‌సైడ్ బార్ అయితే సరిపోదు, ఎక్కడ ఏర్పడిందో చూడండి. మదర్ బార్ నడిమి ధర 841, 819ల సగటు, అంటే 830. బుధవారం లో 831. ధర పిన్ బార్ పై సగంలోనే నిలబడింది, నిన్న కొన్నవాళ్లు ఇవాళ లాభం తీసుకుని పారిపోలేదు. అదే ఇన్‌సైడ్ బార్ కింది సగంలో, 822కూ 829కీ మధ్య ఏర్పడి ఉంటే నేను ముట్టుకోను. సాంకేతికంగా అదీ ఇన్‌సైడ్ బారే, కానీ నిన్న లేచిన ఎత్తు ఇవాళ కరిగిపోతోంది.

వరసగా రెండు ఇన్‌సైడ్ బార్లు వచ్చినా ఫరవాలేదు. నాలుగైదు రోజులు అలాగే కదలకుండా ఉంటే మాత్రం పిన్ బార్ పాతబడిపోయినట్టే.

పిన్ బార్ లేకుండా, సపోర్ట్ దగ్గర పెద్ద ఎర్ర క్యాండిల్ కడుపులో ఇన్‌సైడ్ బార్ వస్తే? కొనవచ్చు గానీ మదర్ బార్ హై దాటాకే కొనాలి, స్టాప్ మదర్ బార్ లో కిందే పెట్టాలి. అప్పుడు స్టాప్ చిన్నది కాదు. చిన్న స్టాప్ కోసమే చూస్తున్నవాళ్లకు అది పనికిరాదు.

4. మూడు ఎంట్రీల్లో ఒకటి ఎంచుకోండి

- పిన్ బార్ హై దాటాక కొనడం: ఎంట్రీ 842, స్టాప్ 817. పోయేది షేరుకు 25 రూపాయలు.
- పిన్ బార్ నడిమికి దిగినప్పుడు కొనడం: ఎంట్రీ 830, స్టాప్ 817. పోయేది 13.
- ఇన్‌సైడ్ బార్ హై దాటాక కొనడం: ఎంట్రీ 840, స్టాప్ 829. పోయేది 11.

దగ్గర్లో ఉన్న అడ్డంకి, అంటే పడటానికి ముందు చివరగా ఆగిన ఎత్తు, 872 అనుకుందాం. మొదటి దారిలో 25 పణంగా పెట్టి 30 కోసం చూస్తున్నాం. ఖర్చులు పోతే దాదాపు పెట్టినదానికి అంతే. రెండో దారి కాగితం మీద బాగుంటుంది, కానీ మన షేరు బుధవారం 831 దగ్గరే ఆగింది, 830 ఆర్డరు తగలనే లేదు. బలంగా లేచే షేర్లు మీ ధరకు దిగవు, బలహీనమైనవి తప్పకుండా దిగుతాయి. నేను ఈ దారి మానేయడానికి కారణం అదే.

మూడో దారిలో 11కు 32. స్టాప్ 829 ఎందుకంటే ఇన్‌సైడ్ బార్ లో 831, పిన్ బార్ నడిమి 830, రెండింటికీ అది కిందే ఉంది. అక్కడిదాకా ధర వచ్చిందంటే మనం కొన్న కారణమే చెడిపోయింది. ఐదు రూపాయలు పోతే చాలనుకుని 835 దగ్గర పెట్టే స్టాప్‌కు అలాంటి కారణం ఏదీ లేదు.

హద్దు ఒకటుంది. స్టాప్ దూరం ఏటీఆర్‌లో సగం కంటే తక్కువైతే ఆ ట్రేడు తీసుకోవద్దు. మన 16కు సగం 8, స్టాప్ దూరం 11, కాబట్టి సరే. రోజుకు 16 రూపాయలు ఊగే షేరుకు 5 రూపాయల స్టాప్ పెడితే, మీ అంచనా నిజమైనా కాకపోయినా మామూలు ఊగులాటకే ఎగిరిపోతుంది.

5. ఎన్ని షేర్లు కొనాలి: చిన్న స్టాప్ తెచ్చే ప్రమాదం

మీ దగ్గర 3 లక్షలు ఉన్నాయి, ఒక ట్రేడులో అర శాతం, అంటే 1,500 రూపాయలు పోయినా ఫరవాలేదు అనుకుందాం. అందరూ చెప్పే లెక్క ప్రకారం 1,500ను స్టాప్ దూరంతో భాగిస్తే షేర్ల సంఖ్య వస్తుంది. 25 రూపాయల స్టాప్‌తో 60 షేర్లు. 11 రూపాయల స్టాప్‌తో 136 షేర్లు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 136 షేర్లు 840 చొప్పున అంటే 1,14,240 రూపాయలు, మీ డబ్బులో మూడో వంతుకు పైగా ఒకే షేరులో. రాత్రి ఏదో చెడ్డ వార్త వచ్చి మర్నాడు షేరు 800 దగ్గర తెరుచుకుందనుకోండి. మీ 829 స్టాప్ 829 దగ్గర అమ్మదు, అక్కడ కొనేవాడే ఉండడు. షేరుకు 40 పోతుంది. 136 షేర్లకు 5,440. అర శాతం అనుకున్నది 1.8 శాతమైంది. పెద్ద స్టాప్ పెట్టుకుని 60 షేర్లు కొన్నవాడికి 842 నుంచి 42 చొప్పున 2,520 పోయింది. చిన్న స్టాప్ పెట్టినవాడికే రెండింతలకు పైగా దెబ్బ. చిన్న స్టాప్ పగటి కదలికల నుంచి కాపాడుతుంది, రాత్రి గ్యాప్ నుంచి కాదు.

అందుకని రెండో హద్దు పెట్టుకోండి: ఒక్క షేరులో మొత్తం డబ్బులో పావు వంతుకు మించకూడదు. 75,000ను 840తో భాగిస్తే 89 షేర్లు. రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అదే, కాబట్టి 89. స్టాప్ తగిలితే పోయేది 979 రూపాయలు. 800 గ్యాప్ వచ్చినా 3,560. బాధగానే ఉంటుంది, కానీ కోలుకోవచ్చు. ఫలితాలు వచ్చే వారంలో మాత్రం 89 కూడా కొనను, ఆ ట్రేడునే వదిలేస్తాను.

ఖర్చులు కూడా కలుపుకోండి. డెలివరీలో కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం ఎస్‌టీటీ అనే పన్ను. స్టాంప్ డ్యూటీ, డీపీ ఛార్జీ వగైరా చేరితే, బ్రోకరేజీ లేకపోయినా ఈ ట్రేడుకు షేరుకు సుమారు 2 రూపాయలు. కాబట్టి మీ 11 నిజానికి 13, మీ 32 నిజానికి 30. నిష్పత్తి 2.9 కాదు, 2.3. స్టాప్ చిన్నదవుతున్న కొద్దీ ఈ రెండు రూపాయల బరువు పెరుగుతుంది.

6. ఆర్డర్లు పెట్టడం

కొనడానికి గురువారం పొద్దున స్టాప్‌లాస్ రకం బై ఆర్డరు పెట్టండి: ట్రిగర్ 840, లిమిట్ 842. షేరు 851 దగ్గర గ్యాప్‌తో తెరుచుకుంటే ఆ ధరకు ఆర్డరు తగలదు, తగలకపోవడమే మంచిది. 851 దగ్గర కొంటే స్టాప్ దూరం 22 అవుతుంది, లెక్కంతా మారిపోతుంది. వెంటపడకండి.

ఎక్స్ఛేంజీలో పెట్టే స్టాప్‌లాస్ ఆర్డరు ఆ ఒక్క రోజుకే ఉంటుంది. రోజూ పెట్టలేరు కాబట్టి చాలామంది జీటీటీ వాడతారు, ట్రిగర్ ధర వచ్చేదాకా రోజుల తరబడి బ్రోకరు దగ్గర నిలిచి ఉండే ఆర్డరు అది. అందులో ఇద్దరు ముగ్గురు మిత్రులు దెబ్బతిన్న చోటు ఇది: ట్రిగర్ 829, లిమిట్ కూడా 829 పెట్టారు. షేరు 824 దగ్గర తెరుచుకుంది. ట్రిగర్ అయి లిమిట్ ఆర్డరు వెళ్లింది, కానీ 829కి కొనేవాడు లేడు. ఆర్డరు అలాగే కూర్చుంది, షేరు దిగిపోయింది. లిమిట్‌ను ట్రిగర్‌కు బాగా కింద, 815 లాంటి చోట పెట్టండి. దానర్థం 815కే అమ్ముతారని కాదు, ధర 815 పైన ఉన్నంతవరకు అప్పుడున్న మంచి ధరకే అమ్ముడవుతుంది.

ఇక డీడీపీఐ. అది ఇవ్వకపోతే డీమ్యాట్‌లోని షేర్లు అమ్మాలంటే టీపిన్, ఓటీపీతో అనుమతి ఇవ్వాలి. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు జీటీటీ ట్రిగర్ అయితే అనుమతి లేదని ఆర్డరు తిరస్కరించవచ్చు. స్టాప్ పెట్టుకున్నాననే ధీమాతో మీరుంటారు, స్టాప్ మాత్రం ఉండదు.

7. కొన్న తర్వాత

మన షేరు గురువారం 840 దాటి 848 దాకా వెళ్లి 846 దగ్గర ముగిసింది. శుక్రవారం 833కు దిగి 841 దగ్గర ముగిసింది. ఐదు రూపాయల స్టాప్ పెట్టినవాళ్లంతా శుక్రవారం బయటపడ్డారు. 829 మిగిలింది. ఎనిమిదో రోజున 872 వచ్చింది.

ఎప్పుడూ ఇలా జరగదు. గురువారమే 840 తాకి వెనక్కి తిరిగి 829 విరిగిపోవడం కూడా మామూలే. అప్పుడు ఖర్చులతో కలిపి సుమారు 1,150 పోతుంది, అంతటితో ఆ ట్రేడు ముగిసింది. "పిన్ బార్ లో 819 ఇంకా విరగలేదు కదా" అని స్టాప్‌ను 817కు జరపకండి. 89 షేర్లు 829 స్టాప్‌కు తగ్గట్టు కొన్నవి. 817 స్టాప్ పెట్టాలనుకుంటే మొదటే తక్కువ కొనాల్సింది.

పైకి వెళ్తుంటే, పణంగా పెట్టినదానికి రెండింతలు, అంటే 862 దగ్గర రోజు ముగిశాకే స్టాప్‌ను 842కు తెస్తాను. అంతకుముందు తెస్తే మామూలు వెనకడుగుకే బయటపడిపోతాం. ఐదు రోజులైనా 851 కూడా చూడకపోతే అమ్మేస్తాను.

సరిగ్గా చేస్తున్నామో లేదో ఎలా తెలుసుకోవాలి

డబ్బు పెట్టకముందు పాత చార్టు కుడివైపు కప్పేసి, ఒక్కో క్యాండిల్ జరుపుతూ కనీసం ముప్పై సందర్భాలు రాయండి. కుదరని సందర్భాలు కూడా రాయాలి, అందంగా వచ్చినవే ఏరుకుంటే లెక్క అబద్ధమవుతుంది. 2.3 నిష్పత్తితో పదిలో మూడు గెలిస్తే ఖర్చులతో సహా దాదాపు సరికి సరి. నాలుగు గెలిస్తే మిగులుతుంది. మీ ముప్పైలో తొమ్మిది కూడా గెలవకపోతే అసలు డబ్బు పెట్టకండి.

గెలుపోటములతో పాటు ఇంకొక గడి తప్పకుండా ఉంచండి: స్టాప్ తగిలిన తర్వాత పది రోజుల్లో ఆ షేరు ఏం చేసింది? స్టాప్ కొట్టి మళ్లీ లేచి టార్గెట్‌కు వెళ్లినవి సగానికి పైగా ఉంటే, మీరు సపోర్ట్ సరిగ్గానే గుర్తిస్తున్నారు, స్టాప్ మరీ దగ్గరైంది. స్టాప్ దూరాన్ని ఏటీఆర్‌తో భాగించి చూడండి, 0.5కు దగ్గర్లో ఉన్నవే ఎక్కువగా పోయి ఉంటాయి. అవి వదిలేసి 0.7 పైన ఉన్నవే తీసుకోండి. అలా కాకుండా స్టాప్ తర్వాత కిందికే జారిపోయినవి ఎక్కువైతే స్టాప్ తన పని తాను చేసింది. లోపం మొదటి మెట్టులో ఉంది. ఆ షేర్ల పట్టీలు మళ్లీ తెరిచి, వాటిని క్యాండిల్‌కు ముందు గీశారా, తర్వాత గీశారా అని తేదీలు సరిచూడండి.